చున్నీకి దారి చెప్పండి

అమెరికాలో ఇంటి నుంచే చుడీదార్లు అమ్మే మనవాళ్లు ఏఐతో కేటలాగ్ బొమ్మలు గీయించేటప్పుడు ‘ఒక భుజాన పిన్ను పెట్టిన దుపట్టా’ అని ఊరుకుంటున్నారు. వచ్చేది మెడకు చుట్టిన స్కార్ఫో, చీర పమిటో. పేరు సరిపోదు, గుడ్డ నడిచే దారి చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒక భుజం తీరు కావాలంటే ఇలా రాయాలి: నాలుగు వేళ్ల వెడల్పు కుచ్చిళ్లుగా మడిచిన చున్నీ, బొమ్మలో కుడివైపు కనిపించే భుజం మీద పిన్ను, ఒక కొస ముందు మోకాలి దాకా, రెండోది వీపు మీదుగా, రెండో భుజం ఖాళీ. ‘ఎడమ భుజం’ అంటే వేసుకున్నవారి ఎడమా, చూసేవారి ఎడమా అని ఏఐ మోడల్ తరచూ తికమకపడుతుంది. అందుకే బొమ్మలోని వైపే చెప్పాలి. రెండు భుజాల తీరుకు చున్నీ నడిమి భాగం ఛాతీ మీద వంపుగా వేలాడాలి, కొసలు రెండూ వెనక్కి పోవాలి. ‘మెడకు చుట్టొద్దు’ అని రాస్తే ఆ మాటే చుట్టును తెచ్చిపెట్టవచ్చు. దాని బదులు ‘మెడ ఖాళీగా కనిపించాలి’ అనండి. బొమ్మ రాగానే కొసలు లెక్కపెట్టండి. రెండు భుజాల తీరులో ముందువైపు కొస కనిపించినా, ఒక భుజం తీరులో ముందు రెండు కొసలు వేలాడినా అది తప్పే. అలాంటి బొమ్మ చూపించి అమ్మకూడదు, కొనేవారు ఆ చున్నీ పొడవునూ అంచునూ నమ్మే డబ్బు కడతారు.