చెప్పులు చౌఖట్ బయట ఎందుకు? నిమిషంలో చెప్పాలంటే

ఉర్సు దగ్గర పడుతోంది. మా మొహల్లా కుర్రాళ్లు దర్గా గురించి చిన్న చిన్న వీడియోలు తీస్తున్నారు. వాటిలో మొదటిది “దర్గాలోకి వెళ్లే ముందు చెప్పులు ఎందుకు విప్పుతాం?” అనే షార్ట్. “స్క్రిప్టు మీరే రాయాలి భాయి” అన్నారు. రాసే ముందు ఫోన్లలో తిరుగుతున్న ఇలాంటి షార్టులు కొన్ని చూశాను. అన్నిట్లోనూ జవాబులు రెండే రకాలు. విప్పకపోతే గునాహ్ అని భయపెట్టేది ఒకటి. అరికాళ్లలోంచి భూమి శక్తి ఒంట్లోకి ఎక్కుతుందని సైన్సు పేరు చెప్పేది ఇంకొకటి. మొదటి మాటకు అంత గట్టి దలీల్ లేదు. రెండోది మన బుజుర్గులు చెప్పిన కారణమే కాదు.

నా రాయ్ ఇది. చెప్పులు విప్పడం వెనక రెండు కారణాలున్నాయి. ఒకటి పాకీ, రెండోది అదబ్. ఈ రెండూ ఒకటి కాదు. కలిపేసి చెప్తే పిల్లలు ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు: “కొత్త చెప్పులు, మట్టి కూడా అంటలేదు, మరి ఎందుకు విప్పాలి?” విడదీసి చెప్తే ఆ ప్రశ్నకూ జవాబు ఉంటుంది, మనలా చేయనివాళ్ల మీద కోపమూ రాదు.

ఈ రెండు కారణాలు ఎంత పాతవో చూడండి. ఖుర్ఆన్‌లో సూరా తాహా 12వ ఆయత్‌లో, తువా అనే పవిత్రమైన లోయలో ఉన్నావు, చెప్పులు విప్పు అని హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు హుకుం వస్తుంది. ఎందుకు విప్పమన్నారని తఫ్సీర్ రాసినవాళ్లు ఆలోచించారు. ఆ చెప్పులు చచ్చిన గాడిద తోలుతో చేసినవి, పాక్ కావు, అందుకని కొందరన్నారు. కాదు, ఆ నేల బర్కత్ పాదాలకు నేరుగా తగలాలని ఇంకొందరన్నారు. అంటే ఒకరు పాకీ వైపు, ఒకరు అదబ్ వైపు. యూదుల, క్రైస్తవుల గ్రంథంలో కూడా మండే పొద దగ్గర మూసాకు ఇదే మాట వినిపిస్తుంది. కాబట్టి ఈ ఆచారం మన ఒక్కరి జాగీరు కాదు.

ముందు పాకీ సంగతి. మస్జిద్‌లో మనం నుదురు ఆనించేది ఫర్ష్ మీదే. బజారులో, బాత్రూంలో తిరిగిన చెప్పుతో అక్కడ అడుగు పెడితే ఆ నజాసత్ మన సజ్దా చోటికే వస్తుంది. అయితే చెప్పు అనే వస్తువే చెడ్డదా? కాదు. అబూ దావూద్‌లో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) చెప్పిన రివాయత్ ఉంది. హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) నమాజు చదివిస్తూ మధ్యలో తమ చెప్పులు తీసి పక్కన పెట్టారు. వెనక సఫ్‌లో ఉన్న సహాబీలు అది చూసి తామూ తీసేశారు. నమాజు అయ్యాక, మీరెందుకు తీశారని హుజూర్ అడిగారు. మీరు తీశారు కాబట్టి తీశామన్నారు వాళ్లు. నా చెప్పులకు మురికి ఉందని జిబ్రయీల్ వచ్చి చెప్పారు, అందుకే తీశానన్నారాయన. మస్జిద్‌కు వచ్చినవారు చెప్పులు చూసుకోవాలి, ఏమైనా అంటి ఉంటే తుడిచేసి వాటితోనే నమాజు చదువుకోవచ్చు అని కూడా చెప్పారు.

ఈ రివాయత్ విని మా కుర్రాళ్లు నోరెళ్లబెట్టారు. చెప్పులతో నమాజా! ఆనాటి మస్జిదె నబవీలో నేల మట్టి, గులకరాళ్లు. ఇవాళ మన మస్జిదుల్లో కార్పెట్లు, జానమాజులు. నేల మారింది కాబట్టి పద్ధతి మారింది. కారణం మాత్రం అదే, నజాసత్ లోపలికి రాకూడదు.

ఇక దర్గా. ఇక్కడ మజార్ ముందు మనం సజ్దా చేయం. నిలబడి సలాం చెప్తాం, ఫాతిహా చదువుతాం, కాసేపు కూర్చుని తిలావత్ చేస్తాం. కూర్చునే చోటు కాబట్టి పాకీ ఇక్కడా కావాలి. కానీ అసలు బరువు అదబ్ మీద ఉంది. ఒక బుజుర్గ్ గదిలోకి అడుగు పెడుతున్నామనే భావన అది. ఆయన బతికుండగా ఇంటికి వెళ్తే చెప్పులు గడప బయటే విడిచేవాళ్లం కదా, ఇప్పుడూ అంతే.

ఖబర్ దగ్గర చెప్పుల గురించి హదీసుల్లో రెండు మాటలున్నాయి. ఒకచోట, ఖబర్ల మధ్య చెప్పులతో నడుస్తున్న ఒకాయన్ని చూసి హుజూర్ విప్పమన్నారు. ఇంకోచోట, దఫన్ చేసి జనం తిరిగి వెళ్తుంటే మయ్యత్‌కు వాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తుందన్నారు. అంటే అక్కడ జనం చెప్పులతోనే ఉన్నారన్నమాట. అందుకే ఆలిమ్‌లలో ఇఖ్తిలాఫ్ వచ్చింది. ఖబ్రస్తాన్‌లో చెప్పులు విప్పడం ముస్తహబ్ అని హంబలీ ఫిఖ్హ్ చెప్తుంది. ముళ్లున్నా, నేల కాలుతున్నా తొడుక్కోవచ్చని కూడా అదే చెప్తుంది. తొడుక్కుని నడిచినా హరజ్ లేదని ఎక్కువమంది ఆలిమ్‌ల మాట. ఇంత ఇఖ్తిలాఫ్ ఉన్న విషయంలో, కెమెరా ముందు నిలబడి “విప్పకపోతే గునాహ్” అని ఫత్వా ఇచ్చే హక్కు ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఎక్కడిది? దర్గా చౌఖట్ దగ్గర విప్పమనేది అక్కడి రివాజు. రివాజును రివాజుగానే చెప్పాలి. ఆ చోటుకు వెళ్లినవాళ్లు దాన్ని పాటించడం మర్యాద.

దర్గాకు మనం ఒక్కరమే రాం. హిందూ కుటుంబాలు మొక్కులు తీర్చుకోవడానికి వస్తాయి. గుడి ముందు చెప్పులు విడిచే అలవాటున్నవాళ్లు కాబట్టి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన పల్లెల్లో చాలా చర్చిల్లో జనం చాపల మీద కూర్చుంటారు, చెప్పులు గుమ్మం బయటే. అదే యూరప్ చర్చిలో బూట్లతోనే బెంచీల మీద కూర్చుంటారు, మగవాళ్లు టోపీ తీయడమే అక్కడి అదబ్. ఇథియోపియా ఆర్థొడాక్స్ చర్చిలో మళ్లీ చెప్పులు విప్పాల్సిందే. ఒకే మజ్హబ్, మూడు చోట్ల రెండు పద్ధతులు. గురుద్వారాలో చెప్పులు విప్పడంతో పాటు తల కూడా కప్పుకోవాలి. బూట్లతో ప్రార్థించేవాడికి భక్తి లేదనుకుంటే మనం మనుషుల్ని పాదాల దగ్గరే కొలుస్తున్నట్టు.

ఇంకో విషయం షార్ట్‌లో తప్పకుండా ఉండాలని పట్టుబట్టాను. మా ఖాలాకు షుగరు. చాలా ఏళ్లుగా ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఒక దర్గా సహన్‌లో రాతిబండల మీద చెప్పుల్లేకుండా నడిచింది. కాళ్లు కాలినట్టే తెలియలేదు. రాత్రి ఇంట్లో చూస్తే అరికాళ్లకు బొబ్బలు. షుగరు ఉన్నవాళ్లకు ఇలాంటి పుండు త్వరగా మానదు, వేలు తీసేసేదాకా పోవచ్చు. పరిష్కారం కష్టమేం కాదు. పొద్దున్నే గానీ మగ్రిబ్ తర్వాత గానీ జియారత్‌కు వెళ్లడం, మందమైన మేజోళ్లు వేసుకోవడం, లోపల తొడుక్కోవడానికే ఒక శుభ్రమైన మెత్తటి జత విడిగా ఉంచుకోవడం. ఆ జతకు నజాసత్ అంటదు కాబట్టి పాకీకి లోటు లేదు. అదబ్ మాటకొస్తే, ముందే ఖాదిమ్‌ను అడిగితే చాలు. కట్టుడు కాలు ఉన్నవారికీ, వీల్‌చైర్‌లో వచ్చేవారికీ ఇదే. చక్రాలు తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. వాళ్ల మీద “చెప్పులు!” అని అరవడమే అసలు బేఅదబీ.

చివరికి రాసిచ్చిన స్క్రిప్టు ఇది. తొందరపడకుండా చదివితే నిమిషంలో అయిపోతుంది.

మొదటి షాట్. గేటు బయట చెప్పుల వరస, పిల్లలవీ పెద్దలవీ. గొంతు: “ఇవి రకరకాల మనుషుల చెప్పులు. అందరూ ఇక్కడే ఎందుకు విప్పారు?”

రెండో షాట్. ఫర్ష్ మీద కూర్చున్నవాళ్లు, వెనక నుంచి. గొంతు: “ఒకటి పాకీ కోసం. కూర్చుని చదువుకునే చోటికి వీధి మురికి రాకూడదని.”

మూడో షాట్. దూరం నుంచి మజార్ కమాన్. గొంతు: “రెండు, అదబ్ కోసం. ఒక బుజుర్గ్ గడప తొక్కుతున్నామని.”

నాలుగో షాట్. చౌఖట్ దగ్గర ఒక జత పాదాలు. గొంతు: “విప్పేటప్పుడు ఎడమ చెప్పు ముందు. ఎడమ పాదం ఆ చెప్పు మీదే ఉంచండి. తర్వాత కుడిది విప్పి, కుడి కాలితో లోపలికి. చెప్పులు దారిలో కాదు, పక్కన.”

అయిదో షాట్. మేజోళ్లతో కర్ర పట్టుకుని నడుస్తున్న పెద్దాయన. గొంతు: “షుగరు ఉన్నవారు, కాలికి కష్టం ఉన్నవారు ఖాదిమ్‌ను అడగండి. దారి ఉంటుంది.”

ఆరో షాట్. మళ్లీ చెప్పుల వరస, ఒక చిన్నారి తన జత వెతుక్కుంటూ. గొంతు: “కొన్నిచోట్ల విప్పుతారు, కొన్నిచోట్ల విప్పరు. ఏ గడపకు వెళ్తే ఆ గడప అదబ్.”

నాలుగో షాట్‌లోని పద్ధతి నా సొంతం కాదు. తొడుక్కునేటప్పుడు కుడి, విప్పేటప్పుడు ఎడమ ముందు అని హదీసు ఉంది. పాక్ చోటికి కుడి కాలు ముందు పెట్టడం మనందరి అలవాటు. రెండూ ఒకేసారి కుదరాలంటే ఎడమ పాదం కాసేపు చెప్పు మీదే ఆగాలి. ఇంట్లో పిల్లలకు ఒకసారి చేసి చూపించండి, మళ్లీ చెప్పే పని ఉండదు.

ఎడిటింగ్‌లో కుర్రాళ్లు రెండు సంగతులు అడిగారు. భూమి శక్తి ముక్క ఒక్కటి పెడితే వ్యూస్ వస్తాయన్నారు. వద్దన్నాను. అబద్ధపు కారణంతో నేర్పిన అదబ్, ఆ అబద్ధం బయటపడిన రోజు పోతుంది. ఇక దర్గాలకే వెళ్లని మస్లక్ వాళ్ల మీద ఒక చురక వేద్దామన్నారు. అదీ తీసేయించాను. చెప్పులు విప్పడం గురించి మొదలెట్టిన వీడియో, జనం ఒకరి మీద ఒకరు చెప్పులు ఎత్తుకునేదాకా పోకూడదు కదా.