జూరాల నీళ్లకు రేటు ఎవరు కట్టారు?

మొన్న వనపర్తి నుంచి గద్వాలకు బస్సులో వెళ్తున్నాను. ఆత్మకూరు దాటి జూరాల డ్యాము మీదికి రాగానే అందరి తలలూ కిటికీల వైపు తిరిగాయి. గేట్లు ఎత్తి ఉన్నాయి. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"సారూ, బొగ్గు కొనాలె, డీజిలు కొనాలె అంటే సమజైతది. గీ నీళ్లు కిష్ణమ్మ ఊకెనే ఇస్తుంది గద. మరి కరెంటుకు గంత రేటెందుకు?"

అప్పుడు ఏదో సమాధానం చెప్పాను కానీ నాకే తృప్తి అనిపించలేదు. ఆయనకు చెప్పాల్సింది ఈ వారం మీకు చెబుతున్నాను.

జలవిద్యుత్తులో ఇంధనం ఖర్చు లేదు. నడపడానికి సిబ్బంది, మరమ్మతులు కావాలి, నిజమే. మిగతాదంతా పెట్టుబడి ఖర్చే. అప్పు మీద వడ్డీ, యంత్రాల తరుగుదల, సొంత డబ్బు పెట్టినవాడికి ఇచ్చే రాబడి. ఈ ఆఖరిదాన్నే 'రిటర్న్ ఆన్ ఈక్విటీ' అంటారు. వడ్డీ ఎంతో బ్యాంకు కాగితం మీదే ఉంటుంది. సొంత డబ్బుకు ఎంత ఇవ్వాలో ఏ కాగితం మీదా ఉండదు. ఎవరో ఒకరు కూర్చొని లెక్క కట్టాలి. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ తన పరిధిలోని ప్రాజెక్టులకు 2014, 2019 నిబంధనల్లో మామూలు కేంద్రాలకు 15.5 శాతం, నీళ్లు నిల్వ చేసే జలవిద్యుత్ కేంద్రాలకు 16.5 శాతం అని పెట్టింది. జూరాల లాంటివి రాష్ట్ర కమిషన్ కిందికి వస్తాయి. కానీ ప్రశ్న అక్కడా అదే. ఎఫ్‌డీకి ఏడు శాతం వస్తే సంబరపడే కాలంలో పదహారున్నర ఎక్కడిది?

దీనికి అందరూ ముందు పెట్టుకునే లెక్క 1964లో విలియం షార్ప్ రాసింది. ఆ పనికే 1990లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. పేరు పెద్దది, క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్. లెక్క మాత్రం ఒక్క వరుసే.

ఈక్విటీ ఖర్చు = రిస్కు లేని రాబడి + బీటా × మార్కెట్ రిస్క్ ప్రీమియం

రిస్కు లేని రాబడి అంటే పదేళ్ల ప్రభుత్వ బాండు ఇచ్చేది. ఏడు శాతం అనుకుందాం. దాన్ని వదిలేసి షేర్ మార్కెట్‌కు వచ్చినందుకు సగటున అదనంగా దొరకాల్సింది ప్రీమియం. మార్కెట్ మొత్తం ఊగినప్పుడు మన వ్యాపారం దానితో పాటు ఎంత ఊగుతుందో చెప్పేది బీటా. మార్కెట్ పది శాతం పెరిగినప్పుడు ఒక షేరు సగటున ఎనిమిది పెరిగి, పది పడినప్పుడు ఎనిమిది పడితే దాని బీటా 0.8.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కృష్ణలో వరద రాకపోతే జూరాల టర్బైన్లు తిరగవు కదా, అంతకంటే పెద్ద రిస్కు ఏముంది అంటారు. నిజమే, కానీ మహాబలేశ్వరంలో వాన పడకపోవడానికీ సెన్సెక్స్‌కూ సంబంధం తక్కువ. నూరు కంపెనీల్లో డబ్బు పెట్టినవాడికి ఒక నది ఎండితే ఇంకెక్కడో పంట పండుతుంది. అలా చెల్లాచెదురుగా సర్దుకుపోయే రిస్కుకు ఈ మోడల్ ఒక్క పైసా అదనంగా ఇవ్వదు. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ ఇళ్లకు అది ఎప్పటికీ పూడని లోటు. బీటా లెక్కలో మాత్రం దాని విలువ దాదాపు సున్నా. మోడల్ కఠినమైనదని నేను అనను. అది వాటాదారుడు భరించే రిస్కును మాత్రమే కొలుస్తుంది, లోపల పనిచేసేవాడు భరించేదాన్ని కొలవదు. ఆ తేడా మరిచిపోయి మాట్లాడేవాళ్లతోనే నాకు పేచీ.

సరే, జూరాల బీటా ఎంత? చూడటానికి దానికి షేరే లేదు. ప్రభుత్వ జెన్‌కో మార్కెట్‌లో లిస్ట్ కాలేదు. అప్పుడు ఇలాంటి పనే చేసే లిస్టెడ్ కంపెనీలను, అంటే ఎన్‌హెచ్‌పీసీ, ఎస్‌జేవీఎన్ లాంటివాటిని చూస్తారు. అయితే వాళ్ల బీటాను తెచ్చి ఇక్కడ అతికించకూడదు. అప్పు ఎంతుందనే దాన్ని బట్టి బీటా మారిపోతుంది.

వనపర్తి యార్డులో వేరుశనగ కొని నిల్వ పెట్టే వ్యాపారిని తీసుకోండి. నూరు రూపాయల సరుకు. మొత్తం సొంత డబ్బయితే, ధర పది శాతం పడితే నష్టం పది శాతం. అదే సరుకు డెబ్బై అప్పు, ముప్పై సొంతంతో కొన్నాడనుకోండి. ధర అంతే పడింది, అప్పు డెబ్బై అలాగే ఉంది, సొంత ముప్పై ఇరవై అయింది. అంటే మూడో వంతు పోయింది. సరుకు మారలేదు, యార్డు మారలేదు, ఊపు మాత్రం మూడింతలు దాటింది.

విద్యుత్ ప్రాజెక్టులకు కమిషన్ పెట్టిన లెక్కా సరిగ్గా ఇదే, అప్పు 70, ఈక్విటీ 30. ఇప్పుడు అంకెలు వేద్దాం. ఇవి నేను ఊహించి తీసుకున్నవి, ఏ కంపెనీవీ కావు. లిస్టెడ్ కంపెనీల బీటా 0.8, వాటికి రూపాయి సొంత డబ్బుకు 80 పైసలు అప్పు ఉందనుకుందాం. పన్ను 25 శాతం. అప్పు ప్రభావం తీసేయాలంటే 0.8ని (1 + 0.75 × 0.8)తో, అంటే 1.6తో భాగించాలి. 0.5 వస్తుంది. అది అచ్చంగా నీళ్ల వ్యాపారం బీటా. మన ప్రాజెక్టులో రూపాయికి 2.33 రూపాయల అప్పు ఉంది. కాబట్టి 0.5ని (1 + 0.75 × 2.33)తో, అంటే 2.75తో హెచ్చిస్తే సుమారు 1.38. ప్రీమియం 6.5 శాతం అనుకుంటే ఈక్విటీ ఖర్చు 7 + 1.38 × 6.5, దాదాపు 16 శాతం.

చూశారా, 16.5 అంత అన్యాయంగా ఏమీ కనిపించడం లేదు. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు కొంచెం సిగ్గుపడ్డాను కూడా, అంతకు ముందు ఎక్కడో ఇది దోపిడీ అని వాదించి ఉన్నాను.

కానీ కథ అక్కడ ఆగదు. అప్పు ఏటేటా తీరుతుంది. 2014, 2019 కేంద్ర నిబంధనల్లో జలవిద్యుత్ యంత్రాలకు తరుగుదల ఏడాదికి 5.28 శాతం చొప్పున మొదటి పన్నెండేళ్లు ఇచ్చారు, ఆ డబ్బుతోనే అప్పు తీరుతున్నట్టు లెక్క రాశారు. పన్నెండేళ్లకు 63 అవుతుంది. నూటికి డెబ్బై ఉన్న అప్పు ఏడుకు దిగుతుంది. ఈక్విటీ మాత్రం ముప్పై ముప్పైగానే కూర్చుంటుంది. ఇప్పుడు రూపాయి సొంత డబ్బుకు అప్పు 23 పైసలే. బీటా 0.59కి వస్తుంది, ఈక్విటీ ఖర్చు 11 లోపే. రాబడి శాతం అయితే కదలలేదు.

దాన్ని యూనిట్‌కు మార్చి చూడండి. వెయ్యి కోట్ల ప్రాజెక్టు, మూడు వందల కోట్ల ఈక్విటీ, ఏడాదికి నలభై కోట్ల యూనిట్లు. 16.5 శాతానికి 49.5 కోట్లు, అంటే యూనిట్‌కు రూపాయి 24 పైసలు. 10.8 శాతానికి 32.4 కోట్లు, 81 పైసలు. మధ్యలో 43 పైసలు. పెద్దాయన ప్రశ్నకు జవాబులో ఒక ముక్క ఇదే. మన మూడు జిల్లాల్లో మూడు వయసుల కేంద్రాలున్నాయి. శ్రీశైలం ఎడమగట్టు యూనిట్లు 2001-03 నాటివి. జూరాల 2008 నుంచి 2011 మధ్య వచ్చింది. వనపర్తి పక్క దిగువ జూరాల 2015-16లో. మూడింటికీ ఒకే నది, అప్పు వయసు మాత్రం వేర్వేరు.

అవతలి పక్షం మాట కూడా వినాలి. ప్రాజెక్టు కట్టే కాలంలో సొంత డబ్బుకు రాబడి ఇవ్వరు. కరెంటు పుట్టిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. నూరు రూపాయలు పెట్టి, ఐదేళ్లు ఊరికే కూర్చొని, ఆ తర్వాత నలభై ఏళ్లు ఏటా 16.50 తీసుకున్నవాడికి అసలు దక్కిన రాబడి లెక్కేస్తే సుమారు పది శాతమే. డబ్బు కాస్త కాస్తగా పెడితే పన్నెండు దాకా వస్తుంది. జల ప్రాజెక్టులు ఐదేళ్లలో పూర్తయితే అదృష్టమే. కాబట్టి ఇవాళ్టి 43 పైసలను చూపించి 'ఇది అదనం' అని ఒక్క మాటలో తేల్చలేం. ఆ రోజుల్లో ఎదురుచూసినందుకు ఇప్పుడు వసూలవుతున్న బాకీ అందులో కొంత ఉంది. ఎంత కట్టుబడి ఆలస్యానికి, ఎంత నిజమైన రిస్కుకు అని విడదీసి చూపమని అడగడం మాత్రం బిల్లు కట్టేవాడి హక్కు. టారిఫ్ విచారణలకు వెళ్లేవాళ్లు శాతం ఎక్కువ అని కేకలు వేయడం మానేసి ఈ ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఇంకొకటి అడగొచ్చు. ప్రీమియం 6.5 అని నేను సులువుగా వేసేశాను కదా, అది ఎక్కడిది? నిజానికి ఈ లెక్కలో అన్నిటికంటే మెత్తని నేల అదే. సెన్సెక్స్ 1979లో నూరు. 2024 మార్చి చివరికి 73 వేల పైన. ఏటా సుమారు 16 శాతం పెరుగుదల. అదే 2007 డిసెంబర్ చివర, 20 వేల దగ్గర మొదలుపెడితే ఏటా ఎనిమిది చిల్లరే. డివిడెండు ఒకటిన్నర దాకా కలిపినా పది దాటదు. బాండు ఏడు తీసేస్తే ప్రీమియం మూడు శాతం లోపు. మన కొత్త ప్రాజెక్టుకు బీటా 1.38తో ఈక్విటీ ఖర్చు 16 కాస్తా 11కు పడిపోతుంది. నది మారలేదు, టర్బైను మారలేదు, లెక్క ఏ ఏడాది నుంచి మొదలుపెట్టామన్నది మారింది. అందుకే ఎవరైనా కన్సల్టెంటు నివేదిక మీ ముందు పెడితే ఆఖరి పేజీలో శాతం చూడకండి. ప్రీమియం ఏ సంవత్సరాల నుంచి తీశారు, బీటా ఏ కంపెనీలది, అప్పు సర్దుబాటు చేశారా లేదా, ముందు అవి వెతకండి. కంపెనీల ఎంపిక ఒకలా, అప్పు నిష్పత్తి ఇంకోలా ఉంటే ఎక్కడో చేయి తిరిగిందని తెలిసిపోతుంది.

గద్వాల బస్టాండులో దిగుతూ ఆ పెద్దాయన "అయితే సారూ, నీళ్లు ఉత్తగనే, పైసలకే కిరాయి అన్నట్టు" అన్నాడు. నేను చెప్పాలనుకున్నది అంతకంటే కొంచెం ఎక్కువే. కానీ అప్పటికే ఆయన సంచీ భుజాన వేసుకొని అయిజ బస్సు వైపు నడిచిపోయాడు.