కరెంటు బిల్లు: ఒక్క నొక్కుకు ముందు వచ్చే తెరను చదవండి



ఇప్పుడు కరెంటు బిల్లు కట్టడానికి లైన్లో నిలబడేవాళ్ళు మన ఊళ్ళల్లో తగ్గిపోయినారు. ఫోన్లో సర్వీసు నంబరు కొడితే బిల్లు ఎంతో వస్తుంది, ఒక్క నొక్కుతో కట్టేస్తున్నాం. పని తప్పింది, చార్జీలు తప్పినాయి, సంతోషమే. కానీ నేను చెప్పేది ఏందంటే, ఈ వ్యవహారంలో అసలు విలువ ఆ నొక్కుడులో లేదు. దానికి ముందు బిల్లు కనపడే తెరలో ఉంది. మనోళ్ళు ఆ తెరను చదవకుండానే దాటేస్తున్నారు. నష్టమంతా అక్కడే జరుగుతోంది.

మొదట ఆ బిల్లు మన ఫోన్లోకి ఎట్లా వస్తుందో చూద్దాం. చాలామంది అనుకున్నట్టు ఫోన్‌పే దగ్గరో, గూగుల్ పే దగ్గరో మన బిల్లులు దాచిపెట్టి ఉండవు. మనం కరెంటు కంపెనీని ఎంచుకుని నంబరు కొట్టగానే, యాప్ ఆ నంబరును భారత్ బిల్ పే అనే ఉమ్మడి వ్యవస్థకు పంపిస్తుంది. దాన్నే ఇప్పుడు భారత్ కనెక్ట్ అంటున్నారు. అక్కడి నుంచి ప్రశ్న కరెంటు కంపెనీ కంప్యూటర్‌కు పోతుంది: ఈ నంబరు మీద బాకీ ఎంత? కంపెనీ లెక్కలో ఉన్న పేరు, మొత్తం, చివరి తేదీ అదే దారిలో వెనక్కి వస్తాయి. ఇదంతా రెండు మూడు సెకన్ల పని.

ఆ దారి లేకపోతే ఏమైతుందో మనం చూసినాం కూడా. 2024 జూలై మొదట్లో ఆంధ్రలో, తెలంగాణలో ఈ యాపుల ద్వారా కరెంటు బిల్లు కట్టొద్దని, మా సొంత యాప్‌లో, వెబ్‌సైట్లో కట్టండని కరెంటు కంపెనీలే ప్రకటించినాయి. బిల్లుల చెల్లింపు భారత్ బిల్ పే దారిలోనే జరగాలని రిజర్వు బ్యాంకు పట్టుబట్టింది, మన కంపెనీలు అప్పటికి అందులో చేరలేదు. చేరినాక మళ్ళీ మొదలైంది. అంటే తెర మీద కనపడేది యాప్ లెక్క కాదు, కరెంటు కంపెనీ లెక్క. ఇది గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమైతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ నంబరు మీదేనా అని కంపెనీ అడగదు. ఎవరి నంబరు ఎవరు కొట్టినా బిల్లు చూపిస్తుంది. కొడుకు బెంగళూరులో కూర్చుని ఇంటి బిల్లు కట్టగలుగుతున్నాడంటే అందుకే. పొరపాటున పక్కింటి బిల్లు కట్టేస్తున్నామన్నా అందుకే.

మా వైపు సర్వీసు నంబరు 13 అంకెలు. ఊళ్ళో నాలుగు బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి, ముందు అంకెలు అందరివీ ఒకటే ఉంటాయి, చివరి అంకెలే మారతాయి. చివర్లో 27 బదులు 72 కొట్టినామనుకోండి, నంబరు తప్పు అని యాప్ చెప్పదు. ఎందుకంటే 72 కూడా ఎవరో ఒకరి నంబరే. వాళ్ళ పేరు, వాళ్ళ బాకీ తెచ్చి మన ముందు పెడుతుంది.

మా ఊళ్ళో ఒకాయనకు ఇట్లాగే జరిగింది. చేతిలో ఉన్న బిల్లు 642 రూపాయలు, తెర మీద వచ్చింది 918. ఈసారి పాత బాకీ కలిసిందేమోలే అనుకుని పిన్ కొట్టేసినాడు. నెల తిరిగేసరికి తన బిల్లులో 642 బాకీ అట్లాగే ఉంది. రసీదు తీసి చూస్తే అందులో పేరు వేరే వీధి మనిషిది. ఆ మనిషి మంచోడు కాబట్టి డబ్బు చేతికి ఇచ్చినాడు. ఇవ్వకపోతే యాప్‌ను అడిగి లాభం లేదు, మనం ఇచ్చిన నంబరుకే డబ్బు చేరింది కదా, వాళ్ళ లెక్కలో తప్పేమీ లేదు.

కాబట్టి పిన్ కొట్టక ముందు తెర మీద పేరు చదవాల్సిందే. మన ఇళ్ళల్లో సర్వీసులు చాలా వరకు నాయన పేరు మీదో, తాత పేరు మీదో ఉంటాయి. అందుకని తెర మీది పేరును మన పేరుతో కాదు, కాగితం బిల్లు మీది పేరుతో పోల్చాలి. మొత్తం కూడా కాగితంతో కలవాలి. కలవకపోతే ఎందుకో తెలిసేదాకా ఆగండి. ఇంకొకటి, రైతుకు ఇంటి సర్వీసు ఒకటి, మోటారు సర్వీసు ఒకటి ఉంటాయి. మోటారు నంబరు కొట్టి, బాకీ లేదని చూపించింది కదా అని ఇంటి బిల్లు మరిచిపోవద్దు. రెండు నంబర్లూ ఇంట్లో గోడ మీద వేరువేరుగా పెద్దగా రాసి పెట్టుకోండి.

ఇక ఒక్క నొక్కు అంటున్నాం గానీ, దాని వెనక రెండు పనులున్నాయి. మన బ్యాంకు నుంచి డబ్బు పోవడం ఒకటి. మన నంబరు మీద బాకీ తీరినట్టు కరెంటు కంపెనీ రాసుకోవడం రెండోది. మొదటిది అయ్యి రెండోది ఆలస్యమైతే పెండింగ్ అని వస్తుంది. అప్పుడు కంగారుపడి ఇంకోసారి కట్టొద్దు. మరుసటి రోజు అదే నంబరు మళ్ళీ కొట్టి చూడండి. బాకీ లేదని వస్తే చేరినట్టు. చేరక చెల్లింపు విఫలమైతే డబ్బు తిరిగి బ్యాంకు ఖాతాకే వస్తుంది. రసీదులో కూడా రెండు నంబర్లుంటాయి. UTR అని ఉండేది బ్యాంకు డబ్బు పంపిన గుర్తు. అక్షరాలు, అంకెలు కలిసి పొడుగ్గా ఉండేది బిల్లు చెల్లింపు గుర్తు. ఫిర్యాదు చేయాల్సి వస్తే ఈ రెండోది కావాలి, అందుకే రసీదు ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఆఖరుగా, అన్నిటికంటే ముఖ్యమైంది. "మీ పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈరోజు రాత్రి 9.30కి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మెసేజిలు వస్తున్నాయి. ఫోన్ చేస్తే ఏదో యాప్ వేసుకోమంటారు, పది రూపాయలు కట్టి చూడమంటారు, మన తెర వాళ్ళకు కనపడుతుంది, ఖాతా ఖాళీ. పంట అమ్మిన డబ్బు ఖాతాలో ఉన్న రోజు ఇట్లాంటిది జరిగితే ఆ ఇల్లు లేవడం కష్టం. దీనికి మందు మన చేతిలోనే ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేయకుండా, మనం ఎప్పుడూ వాడే యాప్ తెరిచి మన సర్వీసు నంబరు కొట్టాలి. బాకీ లేదని కంపెనీ లెక్కే చెబుతుంటే మెసేజి అబద్ధం. ఒకవేళ బాకీ ఉంటే అక్కడే కట్టేస్తాం, వాడితో మాట్లాడే పనేముంది? అయినా అనుమానం ఉంటే మన లైన్‌మన్‌ను అడగండి.

ఊళ్ళో పెద్దోళ్ళకు బిల్లులు కట్టిపెట్టే పిల్లలకు ఒక మాట. నొక్కే ముందు తెర మీది పేరు, మొత్తం వాళ్ళకు గట్టిగా చదివి వినిపించండి. వాళ్ళు ఔనన్నాకే పిన్ కొట్టండి. పది సెకన్లు పడుతుంది, అంతే.

మీ ఊళ్ళో ఇట్లాంటివి జరిగి ఉంటే కింద రాయండి, మిగతావాళ్ళు జాగ్రత్త పడతారు.