"గ్రేట్ సర్" అని రాయడం మానేద్దాం, మన తోట సంగతి రాద్దాం



మన గ్రూపులో చాలామందికి ఇప్పుడు లింక్డ్‌ఇన్ అకౌంట్ ఉంది. ఓపెన్ చేసి ఏం చేస్తున్నాం? పెద్ద కంపెనీ సార్ పోస్టు కింద "వెరీ నైస్ సర్", "ఇంట్రెస్టెడ్, ప్లీజ్ చెక్ మై ప్రొఫైల్" అని పెడుతున్నాం. మా హాస్టల్ రూమ్‌లో మేం ముగ్గురం ఏడాది పాటు అదే చేశాం. ఎవరూ మా ప్రొఫైల్ చూడలేదు. చూడకపోవడంలో వాళ్ల తప్పేం లేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ మాట ఎవరైనా రాయగలరు, మమ్మల్నే ఎందుకు చూడాలి?

పోయిన సీజన్‌లో కాఫీ వ్యాపారంలో ఉన్న ఒక పెద్దాయన పోస్టు పెట్టారు. ఏజెన్సీ రైతులు పచ్చికాయ, పండు కలిపి దూసేస్తున్నారు, అందుకే క్వాలిటీ పడిపోతోంది, వాళ్లకి ట్రైనింగ్ కావాలి అని. మాకు కోపం వచ్చింది. మొదట రాసింది కోపంతోనే, "మా వాళ్లని తక్కువ చేయొద్దు" అని. పోస్టు చెయ్యకుండా చెరిపేశాం. ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. పచ్చికాయ కలిస్తే రుచి పోతుంది. మిగతా సగం ఆయనకి తెలీదు, మాకు తెలుసు.

మళ్లీ రాశాం. తెలుగులో చెబితే ఇదీ:

"సర్, పండినవే కొయ్యాలన్నది నిజమే. మాది పాడేరు వైపు, ఎకరంన్నర తోట. ఒకే కొమ్మ మీద ఎరుపు, పచ్చ కలిసి ఉంటాయి. పండినవే కొయ్యాలంటే నవంబర్ నుంచి జనవరి దాకా మూడు నాలుగు సార్లు తోటంతా తిరగాలి. మొదటి రెండు విడతలూ వరి కోతల్లోనే వస్తాయి, ఇంట్లో చేతులు చాలవు. కోసిన పండు ఆ రోజే పల్పింగ్ ఆడించాలి, లేకపోతే పులుస్తుంది. బండి ఏ రోజు వస్తుందో తెలియకపోతే అందరూ ఆగి ఒకేసారి దూసేస్తారు. ఎలా కొయ్యాలో మావాళ్లకి తెలుసు. కొనే రోజులు ముందే చెప్పి, పండుకి వేరే రేటు ఇస్తే ఇంకో రెండు విడతలు తిరుగుతారు. మీ దగ్గర అలా ముందే రోజులు చెప్పే పద్ధతి ఉందా?"

ఇంగ్లీషు సాదాదే, చిన్న చిన్న వాక్యాలు. అయినా ఆయన జవాబిచ్చారు, ఏ నెలలో బండి ఎక్కువ ఆలస్యం అవుతుందని అడిగారు. ఆయన జవాబివ్వడంతో మా కామెంట్ పైకి వచ్చింది. ఆ వారం ప్రొఫైల్ చూసినవాళ్లు 11 మంది. ఫ్రీ అకౌంట్‌లో అందరి పేర్లూ కనపడవు. కనపడిన వాళ్లలో ఒకరు కాఫీ కొనుగోలు చూసేవారు, ఇంకొకరు క్వాలిటీ టెస్టింగ్‌లో పనిచేసేవారు. మాకు కావాల్సింది సరిగ్గా వాళ్లే. ఉద్యోగం రాలేదు, అబద్ధం చెప్పం. క్వాలిటీ ఆవిడతో మాత్రం మాటలు కలిశాయి, కప్ టేస్టింగ్ ఏ కోర్సులో నేర్చుకోవాలో చెప్పారు.

మేం చూసిన తప్పులు రెండు చెప్తాం. కామెంట్ పక్కన మన పేరు, దాని కింద హెడ్‌లైన్‌లోని మొదటి కొన్ని మాటలే కనపడతాయి. అక్కడ "సీకింగ్ ఆపర్చునిటీస్" అని ఉంటే కామెంట్ ఎంత బాగున్నా చదివినవాడికి మనం ఎవరో తెలీదు. మేం ముందు రోజే "బోటనీ డిగ్రీ, కాఫీ రైతు కుటుంబం, పాడేరు" అని మార్చుకున్నాం. రెండోది, సెట్టింగ్స్‌లో ప్రైవేట్ మోడ్ పెట్టుకుని వేరేవాళ్ల ప్రొఫైల్స్ చూస్తే, ఫ్రీ అకౌంట్‌లో మనల్ని ఎవరు చూశారో మనకీ కనపడదు. మాలో ఒకడు నెలల తరబడి అలాగే ఉండిపోయాడు.

ఇంకో సంగతి. తర్వాత మేం ఉత్సాహంతో బ్యాంకింగ్, సాఫ్ట్‌వేర్ సార్ల పోస్టుల కింద కూడా పొడుగ్గా రాశాం. ఒక్కరూ పట్టించుకోలేదు. అక్కడ మేం చూసింది ఏమీ లేదు, చదివిందే తిప్పి రాశాం. వందల కామెంట్లు పడిపోయిన పోస్టు కింద రాసినా అంతే, అడుగున ఉండిపోతుంది.

కొందరు అన్నలు అడిగారు, "మన కష్టం వాళ్ల ముందు పరిచి మార్కులు కొట్టేయడమేనా ఇది?" అని. మంచి ప్రశ్నే. అందుకే మేం హద్దు పెట్టుకున్నాం. అప్పుల సంగతి, ఊళ్లో వాళ్ల పేర్లు, ఫోటోలు రాయం. జాలి అడగం. పని ఎలా జరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో మాత్రం రాస్తాం. తోటలో పెరగడం హాస్టల్లో దాచుకోవాల్సిన విషయం అనుకునేవాళ్లం. ఆ కొనుగోలు సార్ మా ప్రొఫైల్ తెరిచింది దాని కోసమే.

మీ ఇంట్లో జీడి ఉంటే, పసుపు ఉంటే, అడ్డాకులు కుట్టే పని ఉంటే, ఆ పనిలో బయటివాళ్లు తప్పుగా అనుకునేది ఒక్కటి కింద రాయండి. ఎలా పెట్టాలో కలిసి చూద్దాం.