ఐదేళ్ల ప్రశ్నకు రెండేళ్ల జవాబు

సంపాదకులకు,

ఇంటర్వ్యూలో ‘ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?’ అని అడిగితే ‘మేనేజర్‌నవుతాను’ అని చెప్పమన్న గత వారపు వ్యాసంతో ఏకీభవించలేను. యూఏఈలో మామూలు వర్క్ పర్మిట్ గడువే రెండేళ్లు. దారి ఇంకా తేలనివారు అంతవరకే కచ్చితంగా చెప్పడం మేలు. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి నేనైతే ఇలా అంటాను: “రెండేళ్లలో నెలాఖరు లెక్కల ముగింపు, వ్యాట్ రిటర్నులు సొంతంగా చేసే స్థాయికి వస్తాను. తర్వాత ఆడిట్‌కు వెళ్లాలా, 2023లో మొదలైన కార్పొరేట్ ట్యాక్స్ వైపా అన్నది తేల్చుకోలేదు. రెండింటికీ ఈ పనే పునాది.” మనిషి నిలుస్తాడా లేదా అన్నదే అడిగేవారి అసలు సందేహం. ఉత్త ‘తెలియదు’ అంటే అది పెరుగుతుంది. కాబోయే మేనేజర్ కోసమే వెతికే సంస్థలో ఈ జవాబు చెల్లకపోవచ్చు. ఆ ఉద్యోగం తప్పిపోవడమే ఇద్దరికీ మంచిది.

— ఒక పాఠకుడు, షార్జా