బ్యాటరీ మీద నెంబరు చెరిగిపోకముందే

నిమ్‌పురాలో ఫోను బాగుచేయించి లోపల వేరే బ్యాటరీ వేయించుకున్నవాళ్లు, బిల్లు లేకుండా పవర్‌బ్యాంకు కొన్నవాళ్లు ఈ మాట కాస్త వినండి. ఆ సరుకు ప్రమాదకరమని రేపు కంపెనీ వెనక్కి పిలిస్తే, మీకు కబురు అందే దారి లేదు.

2007 ఆగస్టు గుర్తుందా? నోకియా బీఎల్-5సి బ్యాటరీలు చార్జింగులో వేడెక్కుతున్నాయని ఆ కంపెనీయే చెప్పింది. ఆ మోడల్ బ్యాటరీలన్నీ చెడ్డవి కావు. మత్సుషిత కంపెనీ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా చేసిన సుమారు 4.6 కోట్ల వాటిలోనే అనుమానం. ఏది మంచిదో ఏది కాదో ఫోను చూస్తే తెలియదు. బ్యాటరీ తీసి, వెనకున్న 26 అక్షరాల నెంబరు సరిచూసుకోవాల్సి వచ్చింది.

చాలామంది పొరబడేది ఇక్కడే. `*#06#` కొడితే వచ్చే ఐఎంఈఐ ఆ ఒక్క ఫోనుదే. ఎప్పుడు అమ్మారు, వారంటీ ఎప్పటిదాకా, ఇదివరకే మార్చి ఇచ్చారా అన్నవి తేల్చేది అలాంటి సీరియల్ నెంబరే. లాటు నెంబరు ఒక విడతలో తయారైన వేల వస్తువులకు ఒకటే ఉంటుంది. లోపం పుట్టేది సాధారణంగా ఆ విడతలోనే కాబట్టి వెనక్కి పిలిచేది దాన్నిబట్టే. ఏ సీరియల్ ఫోనులో ఏ లాటు బ్యాటరీ పెట్టారో ఫ్యాక్టరీ లెక్కలో ఉంటుంది. మరమ్మతులో బ్యాటరీ మారిందా, ఆ లెక్క తెగిపోయినట్టే. అప్పుడు ఐఎంఈఐ చూసి "మనది లిస్టులో లేదులే" అని నిబ్బరపడకండి. లోపలున్న బ్యాటరీ వేరు.

బీఐఎస్ గుర్తు కింద ఉండే ఆర్-నెంబరు కూడా లాటు కాదు. అది తయారీదారు రిజిస్ట్రేషన్ మాత్రమే.

దుకాణదారులకు ఒక విన్నపం. చార్జింగ్ వైర్లకి, బల్బులకి ఏ లాటు ఎప్పుడొచ్చిందో రాసుకుంటే చాలు. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువుకి మాత్రం సీరియల్, లాటు, కొన్నవారి ఫోను నెంబరు మూడూ బిల్లు మీద వేయండి. రెండు లాట్లు ఒకే డబ్బాలో కలిపారంటే, ఒక దానిలో లోపమున్నా మొత్తం సరుకు పక్కన పెట్టాల్సిందే. లాటు తెలిసినా ఎవరికి అమ్మారో తెలియకపోతే కబురు ఎవరికి పంపుతారు?

కొన్నవాళ్లు ఈ రాత్రే లేబుల్ ఫొటో తీసుకోండి. పవర్‌బ్యాంకు మీది సన్నటి అక్షరాలు జేబు రాపిడికే పోతాయి. లేబుల్ గీకేసి ఉంటే కొనొద్దు. వెనక మూత లేచినా, బ్యాటరీ ఉబ్బినా నెంబరు వెతుక్కుంటూ కూర్చోకండి, వెంటనే చార్జింగు ఆపండి. పొడవొద్దు, నొక్కొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. మంటకి అందనిచోట విడిగా ఉంచి సర్వీస్ సెంటరుకి చెప్పండి. వాళ్లు పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. ప్రమాదకరమైన సరుకును వెనక్కి పిలిపించే అధికారం 2019 చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకి ఉంది. ఫిర్యాదులో మోడల్, సీరియల్, లాటు మూడూ చెప్పండి.