ఎవరి కడుపులో ఉండాలి?

లింగాలలో మా చిన్నాయన కూతురి ఇంట్లో, పోయిన ఏడాది దినాలయిన మర్నాడే మాట బయటికొచ్చింది. ఆమె భర్త వీలునామా రాయకుండా పోయాడు. పేరున మూడెకరాల చీనీ తోట ఉంది. పిల్లల్లేరు. కానీ ఆసుపత్రిలో ఇద్దరివీ కలిపి నిల్వ చేయించిన పిండాలున్నాయి. ఆమె వాటితో బిడ్డను కంటానంది. వాళ్ల బావగారు అరుగు మీద కూర్చుని, "కను తల్లీ, ఎవరొద్దన్నారు? వాడు పోయినంక కడుపులోకొచ్చే బిడ్డకు వాడి తోటలో భాగం యాడిది?" అన్నాడు.

నేను కోపంతో లేచాను. తర్వాత చట్టం తీసి చదివితే, ఆయన అన్నది ఒట్టి దుర్మార్గం కాదని తెలిసింది. దానికి 1956లోనే ఆధారం దొరుకుతోంది.

హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, తండ్రి చనిపోయేనాటికి గర్భంలో ఉండి తర్వాత ప్రాణంతో పుట్టిన బిడ్డకు, ముందే పుట్టిన బిడ్డతో సమానంగా హక్కుంటుంది. అప్పట్లో బిడ్డ ఉండగల చోటు గర్భం ఒక్కటే. ఇప్పుడు చల్లని డబ్బా కూడా ఉంది. దాని సంగతి చట్టం ఎత్తదు. సాక్ష్య చట్టంలో పితృత్వాన్ని ఊహించే నియమం కూడా, 2024 జూలైలో కొత్త చట్టం వచ్చినా, భర్త పోయిన 280 రోజుల దగ్గరే ఆగింది.

ఇది ఊహాజనిత సమస్య కాదు. మంచిర్యాల జిల్లాకు చెందిన ఒకామె భర్త 2021లో కొవిడ్‌తో చనిపోయాడు. హైకోర్టు అనుమతితో వరంగల్‌లో చికిత్స కొనసాగించి, ఆయన పోయిన దాదాపు 11 నెలలకు, 2022 మార్చిలో ఆమె బిడ్డను కన్నది. అత్తమామలు ఆమె పక్కన నిలబడ్డారు. పత్రికలు ఆ ప్రేమకథను బాగా రాశాయి. ఆ బిడ్డకు తండ్రి ఆస్తిలో వాటా ఉంటుందా అన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు నాకు కనపడలేదు.

2021లో వచ్చిన రెండు చట్టాలు తీరుస్తాయి కదా అనుకోవచ్చు. సరోగసీ చట్టం 8వ సెక్షన్, కృత్రిమ గర్భధారణ చట్టం 31వ సెక్షన్ రెండూ, అలా పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డేనని అంటాయి. వీర్యం దాతదైనా, అండం దాతదైనా అంతే. అక్కడ రక్తం లెక్కలోకి రాదు. మంచి మాటే. కానీ రెండో చట్టం "దంపతుల" బిడ్డ అంటుంది. భర్త పోయాక ఆసుపత్రి మెట్లెక్కేది ఒంటరి ఆడమనిషి. ఆమెను చికిత్సకు రానిస్తుంది గానీ, బిడ్డకు చనిపోయినవాడు తండ్రి అవుతాడా అన్నది విడమరచి చెప్పదు.

వింత చూడండి. ఇవే పిండాలను బతికుండగా చట్టప్రకారం సరోగసీకి ఇచ్చి, మెజిస్ట్రేటు దగ్గర తల్లిదండ్రులుగా ఉత్తర్వు తెచ్చుకుని ఉంటే? బిడ్డ పరాయి స్త్రీ కడుపులో ఉండగా భర్త పోయి ఉంటే? 20వ సెక్షన్ "గర్భంలో" అంటుందే గానీ భార్య గర్భంలో అనదు. ఆ బిడ్డకు వాటా దక్కుతుందని గట్టిగా వాదించవచ్చు. సొంత భార్య తర్వాత మోసే బిడ్డకు అదే వాదన నిలవదు! పిండం పెట్టేవాడికే ఆస్తి అని ముచ్చటించుకునే మనకు, ఈ పిండం మాత్రం పరాయిదయింది.

లెక్క ఇదీ. కొడుకు పోతే మొదటి తరగతి వారసులు తల్లి, భార్య, పిల్లలు. తండ్రి, అన్న ఆ వరసలో లేరు. బిడ్డ లేకపోతే అత్తకు ఎకరన్నర, కోడలికి ఎకరన్నర. బిడ్డ లెక్కలోకొస్తే తలా ఎకరం. గొడవంతా ఆ అరెకరం మీద. బావగారికి అందులో నేరుగా పైసా రాదు. తల్లి భాగం రేపు తనకొస్తుందని ఆయన ఆశ. అంటే ఇద్దరాడవాళ్ల మధ్య గోడ కట్టి, దాని మీద మగవాడు కూర్చుంటున్నాడు.

సరోగసీ మీద మనం ఎన్నో వ్యాసాలు రాశాం. అద్దె గర్భం, మాతృత్వపు మహిమ, పేద స్త్రీ శరీరం... అవన్నీ రాయాల్సినవే. పట్టాదారు పాసుపుస్తకం దగ్గరికి మాత్రం మనం పోలేదు, నేను కూడా. పిండాలు దాచేటప్పుడు, భార్యాభర్తల్లో ఒకరు పోతే వాటినేం చేయాలో సంతకం తీసుకుంటారు. పొలాన్నేం చేయాలో ఎవరూ అడగరు. ఆ రోజే భర్త వీలునామా రాయొచ్చు. "పుట్టబోయే బిడ్డకు" అని నేరుగా రాస్తే, తాను పోయేనాటికి ఆ బిడ్డ లేకపోతే అది చెల్లదు. భార్యకు జీవితాంతం అనుభవం, ఆ తర్వాత మిగిలిన హక్కు మొత్తం బిడ్డకు అని రాస్తే నిలుస్తుంది. మా చెల్లెలికి ఆ అవకాశం దాటిపోయింది. 20వ సెక్షన్‌లో "గర్భంలో" తర్వాత "లేదా తండ్రి రాతపూర్వక అంగీకారంతో నిల్వ ఉండి, ఫలానా గడువులోగా గర్భంలో చేరిన" అన్న మాటలు చేరిస్తే చాలు. గడువు ఉండాలి. ఏళ్ల తరబడి పంపకాలు ఆపడం అత్తకూ అన్యాయమే.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు బావగారు పంపకం కాగితాలు తెచ్చారు. వాళ్లత్త వేలిముద్ర వేయలేదు. "నా కొడుకు బిడ్డ గదా నాయనా, ముందు పుట్టనీ. నా ఎకరన్నర ఎవరికియ్యాలో నాకు తెలుసు," అని లేచి, పశువులకు నీళ్లు పెట్టడానికి పోయింది.